ఫోటోలో వాన చారలు వేసే ముందు చూసుకోవాల్సినవి

☐ ముందు నేల మీది నీడలు చూడండి. అంచులు పదునుగా ఉంటే అది ఎండలో తీసిన ఫోటో. దాని మీద ఎంత మంచి వాన వేసినా అతికించినట్టే ఉంటుంది. మబ్బు పట్టినప్పుడు తీసినది ఎంచుకోండి.

☐ మనిషి వెనక ఏముంది? ఫోటోషాప్‌లో నల్ల లేయర్ మీద Add Noise, Motion Blur వేసి చారలు తయారుచేసి Screen మోడ్‌లో పెడతాం. ఇది కింది రంగును తేటపరచడమే తప్ప ముదురు చేయదు. అందుకే తెల్లటి ఆకాశం మీద వాన మాయమవుతుంది, చెట్ల మీద బాగా కనిపిస్తుంది.

☐ షట్టర్ వేగం చూసుకోండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్లు పడుతుంది. 1/60 సెకనులో దాని చార 15 సెంటీమీటర్లు, 1/1000లో సెంటీమీటరు లోపే. మనిషి 170 సెంటీమీటర్లు, ఫోటోలో 3400 పిక్సెళ్ల ఎత్తు అనుకుందాం. అప్పుడు 1/60కి మనిషి పక్కన పడే చార దాదాపు 300 పిక్సెళ్లు. వెనకవి పొట్టిగా, సన్నగా. ముందువి పొడుగ్గా, మసకగా, కొన్నే.

☐ ముందు, వెనక చారలకు వేర్వేరు లేయర్లు ఉండాలి. వెనక లేయర్‌కు మనిషి ఆకారంలో మాస్క్ వేయండి. ముందు లేయర్‌లో కళ్ల మీద పడ్డవి చెరిపేయండి.

☐ బట్టలు, నేల పొడిగా ఉన్నాయా? చారలు వేసే ముందే, తడిసినట్టు కనిపించేలా వాటిని కాస్త ముదురు చేయండి.