అంకెలు, అక్షరాలు: మూడో పాఠం – ‘వందల’ దగ్గర జారిపోయే తేడా

గత పాఠంలో కామాలు ఎక్కడ పెట్టాలో చూశాము. ఇప్పుడు చూడబోయే తప్పు అన్నిటికంటే సులువుగా కన్నుగప్పుతుంది, ఎందుకంటే అంకెల్లోనూ అక్షరాల్లోనూ అవే సంఖ్యలు కనబడతాయి.

మిర్యాలగూడ వైపు వడ్లు అమ్మిన ఒక రైతు చేతికి ఇలాంటి తక్‌పట్టీ వచ్చిందనుకుందాం: అంకెల్లో 1,58,000, అక్షరాల్లో ‘లక్షా యాభై ఎనిమిది వందల రూపాయలు’. ఒకటి, యాభై ఎనిమిది అనే రెండు సంఖ్యలూ రెండు చోట్లా ఉన్నాయి కాబట్టి, పైపైన చదివేవారికి రెండూ ఒకటేననిపిస్తుంది.

అందుకే ముందుగా అంకెలను అరచేత్తో మూసివేయండి. అంకెలు కనబడుతుంటే కన్ను అక్షరాలను చదవదు, అంకెలనే అక్షరాల మీద చూసుకుంటుంది. ఆ తరువాత వేరే కాగితం మీద నాలుగు గళ్ళు గీసి, లక్షలకు రెండు స్థానాలు, వేలకు రెండు, వందలకు ఒకటి, మిగిలినదానికి రెండు కేటాయించి, అక్షరాలను ఒక్కొక్క మాటగా గళ్ళలో నింపండి.

‘లక్షా’ అన్నప్పుడు మొదటి గడిలో 1 పడుతుంది. వేల మాట ఎక్కడా లేదు. ‘యాభై ఎనిమిది వందలు’ అన్నచోట ఆగాలి: వందల గడిలో ఒక్క అంకెకే చోటుంది, కాబట్టి 8 అక్కడ ఉండి, 5 ఎడమవైపు వేల గడిలోకి పోతుంది. వేల గడి రెండంకెలది, అందువల్ల ఆ 5 ముందు సున్నా రావాలి. చివరి గడి గురించి అక్షరాల్లో ఏమీ లేదు, అక్కడ రెండు సున్నాలు.

1 | 05 | 8 | 00

ఇప్పుడు చెయ్యి తీసి చూస్తే 1,05,800కూ 1,58,000కూ మధ్య 52,200 రూపాయల తేడా బయటపడుతుంది. మన దగ్గర ‘ఐదు వేల ఎనిమిది వందలు’ అనడానికి బదులు ‘యాభై ఎనిమిది వందలు’ అనడం మామూలే. నోటి లెక్కకు అది చక్కగా సరిపోతుంది, కాగితం మీద మాత్రం వేలను విడదీసే రాయమని కోరండి.

తేడా ఉందని తెలిసింది, ఏది సరైనదో ఇంకా తెలియలేదు. దానికి తూకమే సాక్ష్యం. చీటీలో 46 క్వింటాళ్ళు, క్వింటాలుకు 2,300 రూపాయలు అని ఉంటే, గుణిస్తే 1,05,800 వస్తుంది. అక్షరాలే సరైనవి, తప్పు అంకెల్లో ఉంది.

చెక్కులోగానీ ప్రామిసరీ నోటులోగానీ ఇలాంటి తేడా వస్తే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అక్షరాల్లో ఉన్న మొత్తమే లెక్క. అయినా అలాంటి చెక్కును బ్యాంకులు సాధారణంగా తిప్పి పంపుతాయి. తక్‌పట్టీ ఈ సెక్షన్ కిందికి రాదు కాబట్టి, దాన్ని అక్కడికక్కడే తిరగరాయించి సంతకం తీసుకోవాలి.

అభ్యాసం: ‘రెండు లక్షల పన్నెండు వందల ఏడు’, అంకెల్లో 2,12,007. గళ్ళు గీసి తేడా ఎంతో తేల్చండి. జవాబు 10,800 రాకపోతే, పన్నెండులోని 1 ఏ గడిలో పడిందో మళ్ళీ చూడండి.