ఫ్రెంచ్ నిద్ర కథ తెలుగులోకి తెస్తుంటే, ముందు జంతువు అరుపు రాసుకోండి

అర్థంతో మొదలుపెడితే ప్రాస దొరకదు. ఫ్రెంచ్‌లో కప్ప 'కోఆ కోఆ' అంటుంది. అడవికి వాళ్ల మాట 'బ్వా'. ఆ రెండూ ప్రాసగా కలుస్తాయి. మన కప్ప 'బెకబెక' అంటుంది, దానికి 'అడవిలో' అతకదు. అందుకని 'బెకబెక'ని కదపకుండా, దానికి కలిసే మాట బొమ్మలోనే వెతకాలి. పేజీలో చెట్లున్నాయా? 'కప్ప అంది బెకబెక, పెద్ద చెట్టు వెనక'. అడవి పోలేదు, ప్రాస వచ్చింది.

కోడి విషయంలో మనది అదృష్టమే. వాళ్ల 'కోకోరికో' పక్కన, నిద్రకి పిల్లలతో అనే మాట 'దోదో' ఉంటే, మనకి 'కొక్కొరోకో, ఇంక బజ్జో' హాయిగా కుదురుతుంది.

ఈ పల్లవి ప్రతి పేజీలో అక్షరం మారకుండా రావాలి. 'ఇంక పడుకో' అని ఒక్కచోట మార్చినా, మీతో పాటు అంటున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది.