ప్రెజెంటేషన్ రోజే ఇంటర్వ్యూ పడితే ప్రొఫెసర్‌కు ఎలా చెప్పాలి?

సోమవారం సాయంత్రం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. గురువారం 11:30కి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. అదే గురువారం 10 నుంచి 12 దాకా క్లాసు, అందులో మీ ప్రెజెంటేషన్. కోర్సు మొత్తం మార్కుల్లో దానికి 20 శాతం. టెన్షన్‌లో అందరం మొదట ఆలోచించేది ప్రొఫెసర్‌కు ఏ కారణం చెబితే నమ్ముతారా అనే. ఆ ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. అంతకంటే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. ముందు కంపెనీని అడగండి

ఇంటర్వ్యూకి "వస్తాను" అని ఖాయం చేయకముందే ఒక చిన్న మెయిల్ పెట్టండి: "ఆ సమయానికి నాకు మార్కులున్న ప్రెజెంటేషన్ ఉంది. గురువారం మధ్యాహ్నం గానీ శుక్రవారం గానీ వీలవుతుందా?" ఇంటర్వ్యూ చేసేది ఒక్కరే అయితే సమయం మార్చడం వాళ్లకు పెద్ద పని కాదు. నలుగురైదుగురు కూర్చునే చివరి రౌండ్ అయితే కష్టం. ఒకసారి మర్యాదగా అడిగినందుకు అవకాశం పోవడం అరుదు. సరేనని చెప్పేసి, రెండు రోజుల తర్వాత మార్చమని అడిగితేనే చికాకు పడతారు.

ఇలా అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. "వాళ్లను టైం మార్చమని అడిగావా?" అన్నది ప్రొఫెసర్ నుంచి దాదాపు తప్పకుండా వచ్చే ప్రశ్న. అడగకపోతే అక్కడ నీళ్లు నమలాలి, లేదా అబద్ధమాడాలి. జవాబు కోసం మరుసటి రోజు మధ్యాహ్నం దాకా చూడండి, అంతకు మించి ఆగొద్దు. అప్పటికీ రాకపోతే "అడిగాను, జవాబు కోసం చూస్తున్నాను" అని ప్రొఫెసర్‌కు చెప్పేయొచ్చు.

ఈలోగా కోర్సు మొదట్లో ఇచ్చిన నియమాల కాగితం ఒకసారి తీసి చూడండి. ప్రెజెంటేషన్ తప్పితే ఏమవుతుందో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో చాలాసార్లు అందులోనే ఉంటుంది. గ్రూప్ ప్రెజెంటేషన్ అయితే మీ జట్టు వాళ్లకు ముందు చెప్పాలి. ఈ సంగతి వాళ్లకు ప్రొఫెసర్ నోట తెలిస్తే బాగుండదు.

2. అన్నిటికంటే చిన్న కోరిక ఏదో తేల్చుకోండి

చాలామంది నేరుగా "వేరే రోజు ఇవ్వండి" అని అడుగుతారు. ప్రొఫెసర్‌కు అదే కష్టమైన కోరిక. మీకు నాలుగు రోజులు ఎక్కువ ఇస్తే, ఆ రోజు చెప్పేసిన వాళ్లు "మాకెందుకు ఇవ్వలేదు?" అంటారు. అదే మీరు ముందుకు జరుగుతానంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎందుకంటే సిద్ధం కావడానికి మీకే తక్కువ సమయం మిగులుతుంది.

మన ఉదాహరణలో ఆ రోజు నలుగురు మాట్లాడాలి, ఒక్కొక్కరికి 25 నిమిషాలు, వరసలో మీది మూడోది. అంటే 10:50కి మొదలై 11:15కి అవుతుంది. ప్రశ్నలు పది నిమిషాలు సాగినా చాలు, ఇంటర్వ్యూకి ఊపిరాడకుండా పరిగెత్తాలి. మొదటి వంతు దొరికితే 10:25కి పని అయిపోతుంది, గంట చేతిలో ఉంటుంది. అంటే రోజు మార్చాల్సిన పనే లేదు, వరస మారితే చాలు. మొదటి వంతు ఉన్నవాళ్లతో ముందే మాట్లాడి ఒప్పించుకుంటే ప్రొఫెసర్ "సరే" అంటే సరిపోతుంది.

అది కుదరకపోతే గురువారం కంటే ముందు క్లాసులో వంతు ఉన్న ఎవరితోనైనా రోజు మార్చుకోవడం. అదీ కాకపోతే ప్రొఫెసర్ గదిలో విడిగా చెప్పడం, లేదా వీడియో రికార్డు చేసి పంపడం. తర్వాతి వారానికి వాయిదా అన్నది చివరి మాటగా ఉండాలి. అప్పుడు కూడా "నా స్లయిడ్లు అందరితో పాటు గురువారమే పంపేస్తాను, తర్వాత మార్చను" అని మీరే ముందుగా అనండి. అదనపు సమయం వాడుకుంటారన్న అనుమానం అక్కడే తీరుతుంది.

3. ఎంత నిజం చెప్పాలి?

"ఉద్యోగ ఇంటర్వ్యూ ఉంది" అన్నది చెప్పాలి. ఎప్పుడు తెలిసిందో చెప్పాలి. సమయం మార్చమని అడిగారో లేదో చెప్పాలి. కంపెనీ పేరు, జీతం, ఎన్నో రౌండో, ఆ ఉద్యోగం ఇంట్లో ఎంత అవసరమో ఇవేవీ చెప్పనక్కర్లేదు. వాటిని దాస్తే అబద్ధమాడినట్టు కాదు. ప్రొఫెసర్ నిర్ణయానికి వాటితో పనిలేదు, అంతే.

జ్వరం వచ్చిందనడం సులువుగా అనిపిస్తుంది. నేనూ ఒకసారి అదే చెప్పాను. మరుసటి క్లాసులో సార్ అందరి ముందూ "ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని నిజంగానే ఆదుర్దాగా అడిగారు. ఆ క్షణం తలెత్తలేకపోయాను. సిగ్గు సంగతి అలా ఉంచినా, ఒంట్లో బాగోలేదంటే డాక్టర్ సర్టిఫికెట్ అడగొచ్చు. దొంగ సర్టిఫికెట్ ఇస్తే అది ప్రెజెంటేషన్ తప్పడం కంటే చాలా పెద్ద నేరం. పైగా ఉద్యోగం వచ్చాక ఆ కబురు ప్రొఫెసర్‌కు చేరకుండా ఉండదు. సిఫార్సు లేఖ అడగాల్సింది కూడా ఆయన్నే కావచ్చు.

"వ్యక్తిగత కారణాలు" అనే మాట అబద్ధం కాదు గానీ ఇక్కడ పనికి రాదు. దాని వెనక ఏముందో తెలియకపోతే ఆయన ఏ ప్రాతిపదికన ఒప్పుకుంటారు? ఒక్క సందర్భంలో మాత్రం ఆ మాట అర్థవంతం. మీరు ఆ ప్రొఫెసర్ దగ్గరే రీసెర్చ్ చేస్తూ, వెళ్లిపోయే ఆలోచన ఇంకా చెప్పకపోతే, "ముందే ఒప్పుకున్న, మార్చలేని పని ఉంది" అని ఆపేయొచ్చు. అయితే "ఏం పని?" అని సూటిగా అడిగితే కట్టుకథ అల్లొద్దు. "కొన్నాళ్లాగి చెబుతాను సార్" అనండి.

అన్నిటికంటే కష్టమైన నిజం ఇంకొకటి ఉంది. ఇంటర్వ్యూ సంగతి మీకు వారం కిందే తెలిసి, ఇవాళ చెబుతుంటే? తేదీ దాటేసి రాయొద్దు. "పోయిన వారమే తెలిసింది, చెప్పడం ఆలస్యం చేశాను, తప్పు నాదే" అని ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకు వెళ్లండి. మూడు పేరాల క్షమాపణ అక్కర్లేదు.

4. మెయిల్ ఇలా ఉంటే చాలు

"నమస్తే సార్, గురువారం క్లాసులో నా ప్రెజెంటేషన్ మూడోది. అదే రోజు 11:30కి నాకు ఉద్యోగ ఇంటర్వ్యూ ఉందని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. సమయం మార్చమని అడిగాను, వీలుకాదన్నారు. మొదటి వంతు ఉన్న అమ్మాయి నాతో మార్చుకోవడానికి ఒప్పుకుంది. మీరు అనుమతిస్తే నేను 10 గంటలకే చెబుతాను. అది కుదరకపోతే మీరు ఎలా చెబితే అలా చేస్తాను."

విషయం వరుసలో "గురువారం ప్రెజెంటేషన్: వరస మార్పు కోసం" అని రాయండి. ఇంటర్వ్యూ మెయిల్‌ను మీరుగా జతచేయొద్దు. అడిగితే జీతం వివరాలున్న చోటు చెరిపేసి, తేదీ, సమయం కనిపించేలా చూపించొచ్చు. ఒక రోజులో జవాబు రాకపోతే వెళ్లి కలవండి. జవాబు లేకపోవడాన్ని అనుమతి అనుకోవద్దు.

5. కుదరదంటే

అప్పుడు లెక్క వేసుకోవాలి. మిగతా 80లో మీకు 60 దాకా వస్తాయనుకుంటే, ప్రెజెంటేషన్‌కు సున్నా పడినా పాస్ అవుతారు, గ్రేడ్ తగ్గుతుంది. 35 దగ్గరే ఉంటే, పాస్ మార్కు 40 అయిన చోట ఆ సున్నా కోర్సునే ముంచుతుంది. అప్పుడు కంపెనీకి ఇంకోసారి, ఈసారి ఫోన్ చేసి అడగండి. ఇంటర్వ్యూకే వెళ్లాలని తేల్చుకుంటే ఆ మాట కూడా ప్రొఫెసర్‌కు ముందే చెప్పండి. క్లాసులో మీ పేరు పిలిచాక కుర్చీ ఖాళీగా కనపడకూడదు.

మరి ఇంటర్వ్యూ ఆఖరి నిమిషంలో రద్దయితే? అప్పటికి వరస మారి ఉంటే అలాగే ఉండనివ్వండి. వీడియోకో, వేరే రోజుకో అనుమతి తీసుకుని ఉంటే మాత్రం వెంటనే రాయండి: "సార్, ఇంటర్వ్యూ రద్దయింది, గురువారమే చెప్పగలను."