హెచ్చరిక బోర్డును తెలుగులో ఎలా రాయాలి?

ప్రకాశం బ్యారేజీ దిగువన ఎండాకాలంలో ఇసుక తేలి, నది ప్రశాంతంగా కనిపిస్తుంది. స్నానానికి దిగేవాళ్లకు అసలు ప్రమాదం పైనున్న గేట్లు. అలాంటి చోట పెట్టే బోర్డునే ఉదాహరణగా తీసుకుందాం. ఇంగ్లీషు నోటీసును మాటకు మాట తెలుగు చేస్తే ఇలా వస్తుంది:

"ముందస్తు సమాచారం లేకుండా ఏ సమయంలోనైనా గేట్ల ద్వారా నీరు విడుదల చేయబడే అవకాశం ఉన్నందున ప్రజలు నదిలో స్నానమాచరించుట, ఈత కొట్టుట నిషేధించడమైనది."

తప్పేమీ లేదు. కానీ తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, "నిషేధం" అన్న సంగతి ఆఖరి మాట దాకా తెలియదు. అప్పటికి పిల్లాడు చొక్కా విప్పేసి ఉంటాడు.

మొదట ఆ వాక్యాన్ని పక్కన పెట్టి, చదివేవాడు ఏం చేయాలో ఒక్క ముక్కలో రాయండి: నీళ్లలో దిగవద్దు. స్నానం, ఈత, బట్టలు ఉతకడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి.

తర్వాత కారణం. దీన్ని మాత్రం తీసేయకండి. నీళ్లు మోకాలి లోతే ఉన్నాయని కళ్లకు కనిపిస్తుంటే, ఉత్త నిషేధాన్ని ఎవరూ నమ్మరు. "ముందస్తు సమాచారం లేకుండా" అన్న భావానికి "ఎప్పుడైనా" సరిపోతుంది. "అవకాశం ఉన్నందున" పోయినా నష్టం లేదు. చట్టం సెక్షన్, శాఖ పేరు ఉండాల్సిందేనంటే అడుగున చిన్న అక్షరాల్లో వేయండి. నంబరును మాత్రం మార్చకండి.

నీళ్లలో దిగవద్దు
గేట్లు ఎప్పుడైనా ఎత్తుతారు
నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి

వరస విరిచేటప్పుడు "దిగ" ఒక వరసలో, "వద్దు" కింది వరసలో పడకూడదు. కింది వరస మీద పోస్టరు అంటించినా, రంగు వెలిసినా అర్థమే తలకిందులవుతుంది. వరసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషు బోర్డు కన్నా ఎక్కువ వదలండి. లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగిలి దూరానికి మచ్చల్లా కనిపిస్తాయి.

రోడ్డు బోర్డుకైతే ఇంకా కోయాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 3 సెకన్లలో 50 మీటర్లు దాటుతుంది. అక్కడ రెండు మూడు మాటలే చాలు, మిగతాది గుర్తు చూసుకుంటుంది.

ఫ్లెక్సీ షాపుకు వెళ్లాక అసలు టెన్షన్ మొదలవుతుంది. చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లే వాడతారు. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగు అందులో నేరుగా అతకదు కాబట్టి మళ్లీ టైపు చేస్తారు, అక్కడే వత్తులు పోతాయి. ప్రింటుకు ముందు ప్రూఫ్ తెప్పించుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

చివరగా, ఆ ప్రూఫ్‌ను ఘాట్ దగ్గర ఒకరిద్దరికి 3 సెకన్లు చూపించి దాచేయండి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అయిందనే అంటారు. "ఏం చేయొద్దంటోంది? ఎందుకు?" అని అడగండి. "ఎందుకు" దగ్గర తడబడితే రెండో, మూడో వరసల్ని మళ్లీ రాయాలి.