ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్ రోజూ ఎలా రాయాలి?

"లేత్ పని గమనించాను. షాఫ్ట్ కొలతలు తీశాను." బాలానగర్‌లోని ఒక మెషిన్ షాపులో ఇంటర్న్‌షిప్ చేస్తున్న డిప్లొమా కుర్రాడి లాగ్‌బుక్‌లో వరసగా నాలుగు రోజులు ఇవే మాటలు. గైడ్ సారు సంతకం పెట్టకుండా తిప్పి పంపారు. ఆ నాలుగు రోజుల్లో అతను చాలానే నేర్చుకున్నాడు, పుస్తకంలోకి మాత్రం రాలేదు.

ముందు జేబులో పట్టే చిన్న నోటుబుక్ ఒకటి కొనుక్కోండి. లాగ్‌బుక్‌ను మెషిన్ దగ్గరికి తీసుకెళ్తే నూనె మరకలే మిగులుతాయి. టైము, జాబ్ పేరు, కొలత, ఎవరైనా అన్న మాట అందులో గీకి పెట్టుకుంటే చాలు.

దాన్ని అదే రోజు సాయంత్రం లాగ్‌బుక్‌లోకి ఎక్కించండి. బాలానగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగేలోపు ఏం రాయాలో మనసులో కుదిరిపోతుంది. వారం పని అంతా ఆదివారం కూర్చుని రాస్తే పట్టుబడతారు. సెలవు పెట్టిన రోజు కూడా పనిచేసినట్టు రాసేస్తారు, హాజరు పట్టీ వేరేలా చెబుతుంది.

అసలు కష్టం ఏం రాయాలన్న దగ్గరే. ఏం చేశాను, ఏది తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది, రేపు ఏం మారుస్తాను? ఈ నాలుగింటికీ జవాబు ఉంటే ఆ రోజు పేజీ నిండినట్టే. ఆ కుర్రాడు తర్వాత తిరగరాసిన పేజీ చూడండి:

"షాఫ్ట్ వ్యాసం 24.96 నుంచి 24.98 మి.మీ. మధ్య ఉండాలి. మైక్రోమీటర్‌లో 24.97 వచ్చింది, సరిపోయిందనుకున్నాను. టర్నర్ అన్న 'జీరో చూసినవా తమ్ముడూ?' అని అడిగారు. మూసి చూస్తే సున్నాకు బదులు 0.02 చూపించింది. అంటే అసలు కొలత 24.95. జాబ్ రిజెక్ట్. కొలిచే ముఖాలు తుడిచాక జీరో సరిగ్గా వచ్చింది, మురికే కారణం. రేపటి నుంచి ప్రతి జాబ్‌కు ముందు తుడిచి జీరో చూస్తాను."

తప్పు రాస్తే మార్కులు పోతాయని పిల్లల భయం. నా మటుకు పేజీలో విలువైన భాగం అదే. దీని కింద కాలేజీ ఇచ్చిన అభ్యసన ఫలితాల జాబితాలో సరిపోయేది ఒక్కటే, ఇక్కడైతే కొలత పరికరాల వాడకం, రాయండి. నాలుగైదు అతికిస్తే ఒక్కటీ నమ్మబుద్ధి కాదు.

కస్టమర్ పేరు, డ్రాయింగ్ కాపీ పెట్టే ముందు ఫోర్‌మన్‌ను అడగండి. కొట్టివేతకు ఒక్క గీత చాలు, వైట్‌నర్ వద్దు. షాపు సంతకం వారం వారం తీసుకోండి, చివరి రోజు ఆయన దొరకరు.

వైవాలో ఆ కుర్రాణ్ని ఒకటే అడిగారు: "జీరో ఎర్రర్ ప్లస్ అయితే కలుపుతావా, తీసేస్తావా?" పుస్తకం తెరవకుండానే "తీసేస్తాను సార్" అన్నాడు.