మన ఇంటి వైఫై, 4వ పాఠం: గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాదు

పోయిన పాఠంలో రౌటర్‌ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో చూశాం. ఈసారి రౌటర్ బాగానే ఉన్నా, ఫోన్ బాగానే ఉన్నా నెట్ రాని ఒక సందర్భం. నేను దీన్ని నేర్చుకున్నది రెండు రోజులు తల పట్టుకున్నాక, అందుకే మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను.

మా ఇల్లు నల్లగొండలో, దేవరకొండ రోడ్డు వైపు. రౌటర్ ముందు హాల్లో ఉంటుంది, అమ్మ పడుకునే గది వెనకాల. ఆ గది గోడకు అవతలే పక్కింటివాళ్ల హాలు, వాళ్ల రౌటర్ సరిగ్గా అదే గోడకు వేలాడుతుంది. రెండిళ్లకూ కనెక్షన్ పెట్టింది ఒకే అబ్బాయి. మాకు Home_Net అని పేరు పెట్టాడు, వాళ్లకు HomeNet. మధ్యలో ఒక గీత, అంతే తేడా.

సంక్రాంతికి పక్కింటివాళ్లు ఊరెళ్లారు. ఆ మర్నాడే అమ్మ పిలిచింది: "ఏందిరా, వైఫై గుర్తు నిండుగ ఉంది, ఒక్క వీడియో వస్తలేదు." నేను హాల్లో నా ఫోన్‌లో చూస్తే నెట్ పరుగెడుతోంది. అయినా రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను, మూడుసార్లు. కనెక్షన్ అబ్బాయికి ఫోన్ చేసి విసుక్కున్నాను కూడా. రెండో రోజు సాయంత్రం అమ్మ ఫోన్‌లో వైఫై గుర్తు పక్కన చిన్న ఆశ్చర్యార్థకం కనిపించి, లోపలికెళ్లి పేరు చదివితే తెలిసింది, అది HomeNet. మాది కాదు.

ఆ ఫోన్‌కి పక్కింటి పాస్‌వర్డ్ ఎలా తెలిసింది? బతుకమ్మ రోజుల్లో రోడ్డు తవ్వి మా కేబుల్ తెంపితే, పక్కింటి అక్కే తన చేత్తో అమ్మ ఫోన్‌లో కొట్టి ఇచ్చింది. మేం మరిచిపోయాం, ఫోన్ మరిచిపోలేదు. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టిన ప్రతి నెట్‌వర్క్‌నూ అది దాచుకుంటుంది. దాచుకున్నవాటిలో రెండు మూడు ఒకేసారి అందుతుంటే, ఏది మనది ఏది పొరుగుది అని దానికేం తెలుసు? ఎక్కువగా సిగ్నల్ బలంగా ఉన్నదాని వైపు మొగ్గుతుంది. వెనక గదిలో బలమైనది గోడవతలిది.

అయితే అది పనిచేయాలి కదా? వాళ్లు ఊరెళ్లి ఉండగా వాళ్ల నెట్ రీచార్జి గడువు అయిపోయింది. ఇక్కడ ఒక విషయం బాగా పట్టుకోండి: వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అంటే మీ ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య దారి. రీచార్జి అయిపోయినా రౌటర్‌కి కరెంటు ఉన్నంతసేపు ఆ దారి తెరిచే ఉంటుంది, గీతలు నిండుగానే కనిపిస్తాయి. రౌటర్ నుంచి బయటికి పోయే దారే మూసుకుపోయింది.

నిజానికి ఈమధ్య ఆండ్రాయిడ్ ఫోన్లు దీన్ని కనిపెడతాయి. కనెక్ట్ కాగానే బయటికి ఒక చిన్న పరీక్ష పంపి, జవాబు రాకపోతే ఇంటర్నెట్ లేదని గుర్తు పెట్టుకుంటాయి, ఇంకో నెట్‌వర్క్ ఉంటే దాన్ని చూసుకుంటాయి. మరి అమ్మ ఫోన్ ఎందుకు అతుక్కుపోయింది? మొదటిసారి అలా అయినప్పుడు, ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా అని అది అడిగింది. మళ్లీ అడగొద్దు అన్న చిన్న డబ్బాలో టిక్ పెట్టి అమ్మ అవును నొక్కింది. "ఏదో అడిగింది, సరే అన్న" అంది. ఇక ఫోన్ ఆమె మాట మీదే నిలబడింది.

ఇప్పుడు మీ చేతి పని. నెట్ రానప్పుడు ముందు రౌటర్ జోలికి పోకండి. ఫోన్ తెరను పైనుంచి కిందికి లాగి, అక్కడున్న వైఫై గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే జాబితా తెరుచుకుంటుంది. పైన Connected అన్న పేరును ఒక్కో అక్షరం చదవండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, గీత, ఖాళీ, ఏది మారినా వేరే నెట్‌వర్కే. పేరు పక్కన తాళం గుర్తు లేకపోతే అది పాస్‌వర్డ్ లేనిది, అంటే మీ ఇంటిది అయ్యుండదు.

పేర్లు అచ్చంగా ఒకటే అయితే చదివి లాభం లేదు. అప్పుడు ఈ పరీక్ష చేయండి. ఫోన్ మీ కళ్ల ముందు పెట్టుకుని, ఇంకొకరితో మీ రౌటర్ స్విచ్ తీయించండి. ఆ క్షణంలో వైఫై గుర్తు పోయిందా, తర్వాత తిరిగొచ్చినా సరే, మీ రౌటర్ మీదే ఉన్నారు. కదలకుండా ఉందా, మీరు పక్కింట్లో ఉన్నారు. స్విచ్ తీసిన కాసేపటికి చూస్తే మాత్రం మోసపోతారు, ఆలోపు ఫోన్ మెల్లగా అటు దూకి ఉంటుంది. సిగ్నల్ పెంచే రెండో డబ్బా ఇంట్లో ఉంటే దాన్నీ తీసేయాలి, లేకపోతే అది వైఫైని పట్టుకునే ఉంటుంది.

దొరికాక ఏం చేయాలి? ఆండ్రాయిడ్‌లో ఆ పేరు పక్కనున్న పళ్ల చక్రం నొక్కితే Forget, Auto-connect రెండూ ఉంటాయి. కొన్ని ఫోన్లలో రెండో దాన్ని Auto reconnect అంటారు. ఐఫోన్‌లో అయితే i గుర్తు నొక్కితే Forget This Network, Auto-Join కనిపిస్తాయి. Forget నొక్కితే పాస్‌వర్డ్‌తో సహా పోతుంది. నేనైతే అమ్మ ఫోన్‌లో ఆటో కనెక్ట్ మాత్రమే ఆపాను. రేపు మళ్లీ ఎవరైనా రోడ్డు తవ్వితే పాస్‌వర్డ్ కోసం అక్క తలుపు తట్టనక్కర్లేదు, పేరు మీద ఒకసారి నొక్కితే చాలు. తెలియని కొట్టువాళ్ల తెరిచి ఉన్న వైఫై అయితే Forget చేసేయండి. వైఫై సెట్టింగుల్లోనే పబ్లిక్ నెట్‌వర్క్‌లకు తనంతట తాను కలిసే స్విచ్ కొన్ని ఫోన్లలో ఉంటుంది, దాన్నీ ఆపండి.

అసలు మందు మాత్రం మీ వైఫై పేరు మార్చడం. మీ రౌటర్‌కి కనెక్ట్ అయి ఉండగా బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టండి. చాలావాటికి ఈ రెండింటిలో ఒకటి ఉంటుంది:

```
192.168.1.1
192.168.0.1
```

లాగిన్ వివరాలు సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల Wireless లేదా WLAN అన్న చోట SSID అని ఉంటుంది, అదే పేరు. దానికి 32 బైట్లే హద్దు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు, గుణింతం కూడా విడిగా లెక్కే. "తంగేడు" అని రాస్తే ఆరు గుర్తులు, 18 బైట్లు అయిపోతాయి. నేను Tangedu27 అని ఇంగ్లిష్‌లోనే పెట్టాను. ఇంటి నంబరు, ఇంటిపేరు పెట్టకండి, వీధంతా చదువుతుంది.

పేరు మార్చి సేవ్ కొట్టగానే అన్ని ఫోన్లూ ఒక్కసారి తెగిపోతాయి. కంగారు పడకండి, కొత్త పేరు వెతికి పాస్‌వర్డ్ కొడితే వస్తాయి. నేను ఇంట్లో నాలుగు ఫోన్లకూ కొట్టి, పని అయిపోయిందని కూర్చున్నాను. పది నిమిషాల్లో హాల్లోంచి అమ్మ: "ఇప్పుడు టీవీ వస్తలేదురా."

అవును, టీవీకి కూడా పాత పేరే తెలుసు. రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టే తిప్పలు వచ్చే పాఠంలో.