33 కేవీ మీటరు బాగానే ఉండగా వోల్టేజి ఎందుకు కూలుతుంది?

సమస్య

ఒకే 132 కేవీ లైను చివర ఉన్న సబ్‌స్టేషన్‌లో సాయంత్రం లోడు పెరుగుతూ ఉంటుంది. 33 కేవీ బస్‌బార్ మీటరు చాలాసేపు 33 దగ్గరే నిలబడి, ఆ తరువాత కొద్ది నిమిషాల్లోనే 30, 27 అంటూ జారిపోతుంది. ట్యాప్ పెంచినా వోల్టేజి పెరగదు.

ముందుగా మూడు ఫేజుల రీడింగులను పోల్చి చూడండి. ఒక్క ఫేజే తక్కువగా ఉంటే అది పీటీ ఫ్యూజు గాని, వదులైన జంపరు గాని అయి ఉంటుంది. దానికి ఈ వ్యాసంతో పని లేదు. మూడూ సమానంగా పడిపోతుంటే వెంటనే 132 కేవీ వైపు వోల్టేజిని, ట్యాప్ స్థానాన్ని చూడాలి. నేను వెళ్ళిన ప్రతిచోటా లాగ్ షీటులో 33 కేవీ గడి నిండి ఉంటుంది, ఈ రెండు గడులు మాత్రం ఖాళీగా ఉంటాయి. అసలు విషయమంతా వాటిలోనే ఉంది.

కారణం

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత, ఉద్దానం వైపు ఒక సబ్‌స్టేషన్‌కు సరఫరా దూరపు దారిలో ఒకే లైను మీద తిరిగి వచ్చింది. రాత్రి డ్యూటీ ఆపరేటరు "సార్, 33 బాగానే ఉంది" అని ఫోనులో చెప్పాడు. వెళ్ళి చూస్తే ట్యాప్ ముల్లు 17 మీద, అంటే చివరి మెట్టు మీద ఉంది. ఆన్‌లోడ్ ట్యాప్ ఛేంజరు 132 కేవీ వైపు వోల్టేజి పడిన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కి కింద 33 కేవీ వైపు వోల్టేజిని నిలబెట్టింది. ఆ నిలబెట్టడమే జబ్బును దాచిపెట్టింది.

దీన్ని ఒక లెక్కతో చూద్దాం. మూలం వద్ద 132 కేవీ, లైనూ మూలమూ కలిపి రియాక్టెన్స్ 60 ఓములు, 132 కేవీ వైపు లోడు పవర్ ఫ్యాక్టర్ 0.8 లాగ్ అనుకుందాం. నిరోధాన్ని వదిలేస్తున్నాను, దాన్ని కలిపితే పరిస్థితి ఇంకా దిగజారుతుందే తప్ప మెరుగుపడదు. లోడు 40 మెగావాట్లు ఉన్నప్పుడు అందే వోల్టేజి సుమారు 114.6 కేవీ, 50 దగ్గర 108.3, 60 దగ్గర 100, 70 దగ్గర 86. ప్రతి పది మెగావాట్లకూ పడే వోల్టేజి ఆరు, ఎనిమిది, పధ్నాలుగు కేవీలుగా పెరుగుతోంది. పవర్-వోల్టేజి వక్రం ఇలా వంగుతూ వెళ్ళి 72.6 మెగావాట్ల దగ్గర, 74 కేవీ వద్ద వెనక్కి తిరుగుతుంది. ఆ కొసే ముక్కు బిందువు. అంతకు మించి ఆ లైను ఒక్క మెగావాటును కూడా మోయలేదు.

```
Pmax = (E²/2X) · cosφ / (1 + sinφ)
```

ముక్కును చేరేలోపు ఒకే లోడుకు రెండు వోల్టేజిలు సాధ్యం: 60 మెగావాట్లకు 100 కేవీ ఒకటి, 45 కేవీ రెండవది. మనం ఉండవలసినది పై కొమ్మ మీద. పంపులు, రైస్ మిల్లు మోటార్లు వోల్టేజి తగ్గినా దాదాపు అంతే పవరు లాగుతాయి కాబట్టి కరెంటు పెరిగి, లైనులో రియాక్టివ్ నష్టం కరెంటు వర్గం మేర పెరిగి, వోల్టేజి ఇంకా తగ్గుతుంది. దీపాల వంటి లోడు వోల్టేజి తగ్గితే తనంతట తాను తగ్గి కొంత ఊపిరి ఇవ్వాలి. ట్యాప్ ఛేంజరు కింది వోల్టేజిని తిరిగి లేపి ఆ ఊపిరిని కూడా తీసేస్తుంది. ముక్కు దాటిన తరువాత ట్యాప్‌ను ఒక మెట్టు ఎక్కిస్తే కింది వోల్టేజి పెరగడానికి బదులు తగ్గుతుంది. అనుమానం ఉంటే గుర్తు పట్టే పరీక్ష ఇదే. కాని ఒక్కసారి కంటే ఎక్కువ చేయకండి.

పరిష్కారం

ట్యాప్ ఛేంజరును ఆటో నుండి మాన్యువల్‌కు మార్చి, ఇక పైకి ఎక్కించడం ఆపండి. వెంటనే లోడు కోయండి, అదీ పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉన్న ఫీడర్లతో మొదలుపెట్టి. 70 నుండి 60 మెగావాట్లకు దిగితే పై లెక్కలో 14 కేవీ తిరిగి వస్తుంది. అదే కోత 50 నుండి 40కి అయితే ఆరే. ముక్కు దగ్గర చిన్న కోతకే పెద్ద ఫలితం ఉంటుంది గనుక ఆలస్యం చేస్తే నష్టం.

కెపాసిటర్ బ్యాంకును కూలిపోతున్నప్పుడు కాదు, ముందే కలపాలి. పవర్ ఫ్యాక్టర్ 0.95కు చేరితే అదే 60 మెగావాట్ల దగ్గర 118 కేవీ ఉంటుంది, ముక్కు 105 మెగావాట్ల దాకా జరుగుతుంది. అయితే కెపాసిటరు ఇచ్చే రియాక్టివ్ పవరు వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది, వోల్టేజి 70 శాతానికి పడితే సగమే మిగులుతుంది. పైగా కెపాసిటర్లతో ముక్కు వోల్టేజి కూడా 74 నుండి 81 కేవీకి పెరుగుతుంది, అంటే మీటరు బాగుందన్న భరోసా మీద ఇంకా తక్కువ ఆధారపడాలి.

లోడును తిరిగి వేసేటప్పుడు ఒక్కొక్క ఫీడరునే వేసి, ప్రతిసారీ 132 కేవీ వైపు ఎంత పడిందో రాయండి. ఒకే పరిమాణపు లోడుకు ముందటి ఫీడరు కంటే బాగా ఎక్కువ పడితే అక్కడే ఆగి, మిగతా ఫీడర్లను రెండవ లైను వచ్చేదాకా వంతులవారీగా నడపాలి.